ఏ గోళీ పిల్‌ను దెబ్బతీస్తుంది, ఏది తీయదు



పోయిన నెల డయాబెటిస్ మీద రాసినప్పుడు కింద ఒక చెల్లెలు అడిగింది: "యాంటీబయాటిక్ వాడుతుంటే పిల్లలు కాకుండా వేసుకునే గోళీ పనిచేయదంట, నిజమేనా?" ఆ ప్రశ్నకు రెండు లైన్లలో జవాబు రాయబోయి ఆపేశాం. రెండు లైన్లలో "నిజం కాదు" అని రాస్తే టీబీ మందు వాడే ఆడపిల్ల ఒకతె చదివి మోసపోతుంది. "నిజమే" అని రాస్తే పంటి నొప్పికి మందు తెచ్చుకున్న ఇంకొకతె పిల్ మానేసి కూర్చుంటుంది. గైబీ నగర్‌లో మా చుట్టుపక్కల ఈ రెండూ జరిగాయి. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. మగవాళ్లు కూడా చదవండి. ఇంట్లో మందుల చీటీ చదివేది ఎక్కువగా మీరే.

మేము అంటే ఈ ఇంట్లో ఇద్దరం. ఒకరు రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైర్ అయినవారు, ఇంగ్లీషు చీటీలు చదివి చెప్పే పని వారిది. చదువు తమిళ మీడియంలో అయింది కాబట్టి తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇంకొకరు ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడే మనిషి. వంటింట్లో కూర్చుని చెప్పిన మాటలు ఆవిడ విన్నవి, గోళీల పేర్లు ఆయన చదివినవి. ఈ విషయం ఇద్దరూ కలిస్తేనే రాయగలం. ఇక్కడ చెప్పిన ఇళ్ల గుర్తులు మార్చాం, ఎవరా అని వెతకొద్దు.

ముందు మామూలు యాంటీబయాటిక్ సంగతి. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్, సెఫిక్సిమ్: గొంతు నొప్పి, పుండు, పన్ను, విరేచనాలు, మూత్రంలో మంట అని వెళ్తే మనకు రాసేవి దాదాపు ఇవే. వీటిలో ఏదీ పిల్‌ను పనిచేయకుండా చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భనిరోధక పద్ధతులు ఎవరికి తగినవో చెప్పడానికి ఒక పట్టిక పెట్టుకుంది. అందులో 1 నుంచి 4 వరకు అంకెలు ఉంటాయి. 1 అంటే ఏ అడ్డూ లేదు, 4 అంటే అసలు వాడకూడదు. మామూలు యాంటీబయాటిక్ వాడేవాళ్లకు పిల్ దగ్గర ఉన్న అంకె 1.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే పుట్టలేదు. 1970ల్లో పిల్ వేసుకుంటూ యాంటీబయాటిక్ కూడా వాడి గర్భం వచ్చినవాళ్ల గురించి డాక్టర్లు పత్రికల్లో రాశారు. అప్పుడు దానికి ఒక కారణం కూడా ఊహించారు. పిల్‌లోని ఈస్ట్రోజెన్ కాలేయంలోకి వెళ్లి, పిత్తంతో కలిసి పేగుల్లోకి దిగుతుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని విడదీస్తే అందులో కొంత మళ్లీ రక్తంలోకి వెళ్తుంది. యాంటీబయాటిక్ ఆ సూక్ష్మజీవులను చంపేస్తుంది కాబట్టి ఈస్ట్రోజెన్ తగ్గిపోతుందని లెక్క వేశారు. వినడానికి సరిగ్గానే ఉంది. జంతువుల్లో అలా జరిగింది కూడా. కానీ ఆడవాళ్ల రక్తం తీసి కొలిచి చూస్తే హార్మోను తగ్గలేదు. మనుషుల్లో పేగుల నుంచి తిరిగి వచ్చే ఆ భాగం మీద పిల్ పెద్దగా ఆధారపడి లేదు.

అయినా పాత హెచ్చరిక ఊరికే పోదు. బ్రిటన్‌లో ఈ విషయం చూసే వైద్యుల సంస్థ 2011 వరకు యాంటీబయాటిక్ వాడినన్ని రోజులూ, ఆ తర్వాత ఇంకో 7 రోజులూ నిరోధ్ వాడమని చెప్పేది. ఆ సంవత్సరం అక్కర్లేదని మార్చింది. సంస్థ మార్చింది కానీ డబ్బాలోని కాగితంలో, షాపులోని పాత మనుషుల నోట్లో ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2020లో బ్రిటన్‌లో ఇద్దరు పరిశోధకులు మందుల దుష్ప్రభావాల ఫిర్యాదులను లెక్కపెట్టారు. మిగతా మందుల కంటే యాంటీబయాటిక్ ఫిర్యాదుల్లో అనుకోని గర్భాల ప్రస్తావన ఎక్కువగా కనిపించిందని రాశారు. అది చదివి కొందరు మళ్లీ భయపడ్డారు. అయితే అవి వచ్చిన ఫిర్యాదుల లెక్క మాత్రమే. ఎంతమంది పిల్ వేసుకున్నారు, ఎవరు మరిచిపోయారు, ఎవరికి వాంతులు అయ్యాయి అనేది అందులో తేలదు. "యాంటీబయాటిక్ పిల్‌ను చెడగొడుతుంది" అని విన్న మనిషికి గర్భం వస్తే ఫిర్యాదు చేస్తుంది, వినని మనిషి చేయదు. అది కూడా ఆ లెక్కలో కలిసే ఉంటుంది. మా మట్టుకు రక్తంలో కొలిచిన లెక్కే నమ్మదగినదిగా అనిపిస్తుంది. ఎవరికైనా మనసు ఒప్పకపోతే ఆ వారం రోజులు నిరోధ్ కూడా వాడుకోవచ్చు, నష్టం లేదు. నష్టం ఎక్కడంటే పిల్ మానేయడంలో.

మా గల్లీలో జరిగింది అదే. ఇద్దరు పిల్లల తల్లి, మాలా-ఎన్ క్రమంగా వేసుకునే మనిషి. చంకలో గడ్డ లేచింది. డాక్టరు 5 రోజులకు అమాక్సిసిలిన్ రాశాడు. మందుల షాపులో ఇచ్చిన మనిషి, "ఇది వాడినన్ని రోజులు ఆ గోళీ పనిచేయదు, వేసుకుని లాభం లేదు" అన్నాడు. లాభం లేనిది ఎందుకు వేసుకోవడం అని ఆమె ఆపేసింది. నిరోధ్ వాడమని ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. ఎలా అడుగుతుంది, షాపు ముందు నలుగురు మగవాళ్లు నిలబడి ఉంటే?

ఆమె ఆపిన రోజులు లెక్క వేసి చూడండి. మాలా-ఎన్ చీటీలో 28 గోళీలు. అందులో 21 హార్మోను గోళీలు, మిగిలిన 7 వేరే రంగులో ఉండే ఇనుము గోళీలు. ఆ 7 రోజులు ఒంట్లోకి హార్మోను వెళ్లదు. అండాశయం నిద్ర లేవకముందే కొత్త చీటీ మొదలవుతుంది కాబట్టి గర్భం రాదు. 7 రోజుల ఖాళీ వరకు శరీరం ఓర్చుకుంటుంది. ఈమె ఆపింది మూడో వారం చివర, ఆఖరి 5 హార్మోను గోళీలు. యాంటీబయాటిక్ అయిపోయాక చీటీలో ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి కాకుండా, ఆ రోజు తేదీ చూసుకుని ఇనుము గోళీలు వేసుకుంది. 5కు 7 కలిపితే 12 రోజులు హార్మోను లేదు. అన్ని రోజుల్లో అండం తయారై విడుదల కావచ్చు. అయింది కూడా. మూడో బిడ్డ పుట్టింది, ఇప్పుడు బడికి వెళ్తోంది, ఇంట్లో అందరికీ ముద్దే. అయినా ఆ సంవత్సరం ఆ ఇంట్లో లూం పని సగమే ఉండేది, ఆ తల్లికి రక్తం తక్కువ. ఆ తొమ్మిది నెలలు ఎలా గడిపిందో మాకు తెలుసు. ఆమె ఇప్పటికీ "ఆ గడ్డ మందు వల్ల" అనే అంటుంది. మందు వల్ల కాదు, మందు గురించి చెప్పిన మాట వల్ల.

ఈ సందర్భంలోనే ఒక జాగ్రత్త ఉంది. యాంటీబయాటిక్ కొందరికి వాంతులు, విరేచనాలు తెస్తుంది. పిల్ వేసుకున్న 3 గంటల లోపల వాంతి అయితే ఆ గోళీ లోపలికి వెళ్లనట్టే, ఇంకొకటి వేసుకోవాలి. విరేచనాలు తీవ్రంగా ఒక రోజుకు మించి సాగితే ఆ రోజులను గోళీ మరిచిపోయిన రోజులుగా లెక్క పెట్టుకోవాలి. తేరుకున్నాక వరుసగా 7 రోజులు గోళీలు వేసుకునేదాకా నిరోధ్ వాడాలి. జ్వరంలో మందు వాడి గర్భం వచ్చిందనే కథల్లో కొన్ని ఇలాంటివే అయ్యుంటాయి.

ఇప్పుడు అసలు భయపడవలసిన మందు గురించి.

టీబీ మన భివండీకి కొత్త కాదు. లూంల ఖానాల్లో గాలి ఆడదు, పది బై పది ఖోలీలో ఆరుగురు పడుకుంటారు, ఒకరు దగ్గితే అందరికీ. టీబీకి మన ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చే గోళీలో నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. మొదటి 2 నెలలు నాలుగూ, తర్వాత 4 నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ. పిల్‌ను చెడగొట్టేది ఇందులో ఒక్కటే, రిఫాంపిసిన్. ఎలా గుర్తుపట్టాలి అని అడగక్కర్లేదు. మొదటి రోజు నుంచే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఆ రంగు చేసేది రిఫాంపిసినే. టీబీ మందు వాడుతూ ఆ రంగు చూస్తున్న ఆడమనిషి పిల్ మీద ఆధారపడకూడదు.

ఇది ఊహ కాదు. 1971లోనే జర్మనీ డాక్టర్లు రాశారు: పిల్ వేసుకుంటూ రిఫాంపిసిన్ వాడిన ఆడవాళ్లలో చాలామందికి చీటీ మధ్యలో రక్తస్రావం కనిపించింది. తర్వాత గర్భాలు కూడా వచ్చాయి. రక్తంలో కొలిచి చూస్తే హార్మోను నిజంగానే పడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో రిఫాంపిసిన్ వాడేవాళ్లకు పిల్ దగ్గర ఉన్న అంకె 3. అంటే లాభం కంటే ముప్పు ఎక్కువ, వేరే దారి ఉంటే అదే పట్టుకో అని.

కారణం మన లూం మాటల్లో చెప్తాం. పిల్‌లోని హార్మోనును కాలేయం రోజూ కొంత కొంత కరిగించి బయటికి పంపుతుంది. ఆ పని చేసే ఎంజైములు లూంల లాంటివి, హార్మోను బీముకు చుట్టిన నూలు లాంటిది. రెండు లూంలు నడిచే ఖానాలో ఒక్కసారిగా ఎనిమిది లూంలు బిగిస్తే ఏమవుతుంది? రేపటిదాకా రావలసిన నూలు మధ్యాహ్నానికే అయిపోతుంది. రిఫాంపిసిన్ చేసేది అదే. కాలేయంలో ఆ ఎంజైములను ఎక్కువ తయారు చేయిస్తుంది. నువ్వు గోళీ మరిచిపోలేదు, వేళకే వేసుకున్నావు, కానీ మరుసటి గోళీ వేళకు ముందే అది కరిగిపోయింది. ఎంజైములు పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది, రెండు వారాలకు పూర్తిగా పెరుగుతాయి. మందు ఆపినా వెంటనే పోవు. బిగించిన లూంలు విప్పడానికి టైము పడుతుంది కదా. అందుకే ఆఖరి గోళీ తర్వాత ఇంకో 4 వారాలు పిల్‌ను నమ్మకూడదు.

అమాక్సిసిలిన్ లాంటివి కాలేయంలో ఈ లూంలను బిగించవు. రెండు మందులనూ "యాంటీబయాటిక్" అనే ఒకే పేరుతో పిలవడం వల్లే ఈ గందరగోళం అంతా.

మా గల్లీలోనే రెండో ఇంటి సంగతి. పాతికేళ్ల లోపు కోడలు, ఒక్క బాబు. మూడు వారాల దగ్గు, తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. జూన్ 2న మందు మొదలైంది. ఆమె కూడా మాలా-ఎన్ వేసుకుంటోంది. టీబీ మందు ఇచ్చినవాళ్లు ఇంకేం మందులు వాడుతున్నావని అడగలేదు. ఆమె దృష్టిలో పిల్ "మందు" కాదు కాబట్టి చెప్పలేదు. జూన్ మూడో వారంలో, చీటీలో హార్మోను గోళీలు ఇంకా మిగిలి ఉండగానే చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించింది. అత్తకు చెప్తే వేడి చేసిందన్నదట. మా ఇంటికి పెరుగు కోసం వచ్చినప్పుడు వంటింట్లో చెప్పింది.

ఆ చుక్కలు వేడి వల్ల కాదు. హార్మోను మట్టం పడిపోయి గర్భసంచి పొర నిలవలేకపోతోందనడానికి అది గుర్తు. ఎన్నడూ లేనిది కొత్త మందు మొదలైన రెండు మూడు వారాల్లో చీటీ మధ్యలో రక్తం కనిపిస్తే అనుమానించాలి. అయితే రక్తం కనిపించకపోతే అంతా బాగున్నట్టు కాదు. కొందరికి ఏ గుర్తూ లేకుండానే అండం విడుదలవుతుంది.

ఇద్దరం కలిసి ఆమెను ఆశా కార్యకర్త దగ్గరికి, అక్కడి నుంచి లేడీ డాక్టరు దగ్గరికి పంపాం. అక్కడ జరిగింది వరుసగా రాస్తాం, ఎందుకంటే ఎవరికైనా అలాగే జరగాలి. మొదట గర్భ పరీక్ష. లేదని వచ్చింది. కానీ ఈ మధ్య కలిసిన రోజుల వల్ల వచ్చిన గర్భం అప్పుడే పరీక్షలో తెలియదు. 3 వారాలు నిరోధ్ వాడి మళ్లీ పరీక్ష చేయమన్నారు. రెండోసారీ లేదనే వచ్చింది.

తర్వాత ఏ పద్ధతి అని. డాక్టరు కాపర్-టీ గురించి మాట్లాడింది. దానిలో హార్మోను లేదు, గర్భసంచిలోనే పని చేస్తుంది, కాలేయంలో ఎన్ని లూంలు నడిచినా దానికి పట్టదు. అయితే టీబీ మనిషికి కాపర్-టీ వేసే ముందు ఒకటి చూడాలి. టీబీ ఊపిరితిత్తుల్లోనే ఉందా, గర్భసంచి దాకా వెళ్లిందా? అక్కడ టీబీ ఉంటే కాపర్-టీ వేయకూడదు. ఈమెకు ఊపిరితిత్తుల్లోనే ఉంది, ఆ అడ్డు లేదు. కానీ రక్తం తక్కువ. కాపర్-టీతో ముట్టు ఎక్కువ అవుతుందని ఆమెకు భయం.

రెండో దారి అంతర సూది. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నది, మూడు నెలలకు ఒకసారి. ఇదీ హార్మోనే, మరి రిఫాంపిసిన్ దీన్ని చెడగొట్టదా అని మేమే అడిగాం. సూదిలోని మందు మోతాదు పెద్దది, కండరం నుంచి మెల్లగా దిగుతుంది. కాలేయం వేగంగా కరిగించినా మూడు నెలలదాకా సరిపడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో రిఫాంపిసిన్ వాడేవాళ్లకు ఈ సూది దగ్గర అంకె 1. కాపర్-టీకీ 1. ఆమె సూది ఎంచుకుంది. జూలై 25న మొదటిది, మొదటి 7 రోజులు నిరోధ్ కూడా. అక్టోబరు చివర రెండోది. సూదితో ముట్టు క్రమం తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ముందే చెప్పారు కాబట్టి ఆగినప్పుడు ఆమె గాభరా పడలేదు. సూది మానేశాక మళ్లీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చని కూడా చెప్పారు. రెండో బిడ్డకు తొందర లేదు కాబట్టి సరేనంది.

టీబీ మందు 168 రోజులు. జూన్ 2 నుంచి లెక్క పెడితే ఆఖరి గోళీ నవంబరు 16. దానికి 4 వారాలు కలిపితే డిసెంబరు 14. క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో గీసి ఇచ్చాం, రైల్వేలో పాస్ గడువు రాసినట్టు. ఆ తేదీకి ముందు పిల్‌కు తిరిగి వెళ్లే మాటే లేదు. అక్టోబరులో వేసిన సూది జనవరి చివరిదాకా ఉంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ రాలేదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. గర్భం వస్తుందేమో అని టీబీ మందు మానకూడదు. మధ్యలో మానిన టీబీ ముదిరి వస్తుంది, మామూలు మందులకు లొంగదు. మార్చవలసింది గర్భం రాకుండా వాడే పద్ధతిని. అలాగే షాపులో దొరికే 72 గంటల గోళీ మీద కూడా రిఫాంపిసిన్ దెబ్బ ఉంటుంది. ఈ మందు వాడుతూ ఏ రక్షణా లేకుండా కలిస్తే, 5 రోజుల లోపల కాపర్-టీ వేయించుకోవడం అన్నిటికంటే నమ్మకమైనది. ఆ గోళీ ఒకటి మింగి నిశ్చింతగా ఉండొద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఫిట్స్ మందులు కూడా ఈ కథలోవే. అక్కడ భయం అబద్ధం కాదు, అయితే అన్ని మందులకూ చెల్లదు. ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్: ఈ నాలుగూ రిఫాంపిసిన్ లాగే కాలేయంలో లూంలు బిగిస్తాయి. మొదటి మూడు పాతవి, చౌక, ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరికేవి. మన ఇళ్లలో ఉండేవీ అవే. టోపిరమేట్ కూడా పెద్ద మోతాదులో అదే పని చేస్తుంది. లెవెటిరసెటమ్, వాల్‌ప్రోయేట్ బిగించవు.

టీబీ మందుకు ఆరు నెలల గడువు ఉంది. ఫిట్స్ మందు ఏళ్లకు ఏళ్లు. కాబట్టి "కొన్నాళ్లు నిరోధ్ వాడదాం" అనేది ఇక్కడ చాలదు. కాపర్-టీ గానీ అంతర సూది గానీ మొదటి నుంచే మాట్లాడుకోవాలి. ఈ మందులకు కూడా పట్టికలో పిల్ దగ్గర 3, ఆ రెండింటి దగ్గర 1.

మా ఎరుకలో ఒక అమ్మాయి ఉంది. పదిహేనో ఏట నుంచి ఫిట్స్, రాత్రిపూట ఫెనిటోయిన్. పెళ్లప్పుడు అత్తవారికి చెప్పలేదు. ఇలాంటివి మన సంఘంలో ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. దాచిన గోళీలు ఒక డబ్బాలో, పిల్ చీటీ కూడా అదే డబ్బాలో. పిల్ ఇచ్చిన మనిషికి ఫిట్స్ సంగతి తెలియదు. ఫిట్స్ డాక్టరుకు పిల్ సంగతి తెలియదు. రెండూ తెలిసింది ఆ డబ్బాకే. ఫెనిటోయిన్ గురించి ఇలాంటి గర్భాలు 1972లోనే వైద్య పత్రికల్లోకి ఎక్కాయి, యాభై ఏళ్లు దాటిపోయాయి. ఆమెకు తెలిసింది మాత్రం రెండో నెల తప్పాక. ఫెనిటోయిన్ కడుపులో బిడ్డకు మంచిది కాదు, అలాగని చటుక్కున ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు. ముందే అనుకుని కనే బిడ్డ అయితే డాక్టరు నెలల ముందే మందు మార్చేవాడు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టేవాడు. ఆమె అదృష్టం, బిడ్డ బాగానే పుట్టాడు. పెళ్లికి ముందు దాచినది పురుడు దగ్గర ఎలాగూ బయటపడింది.

వాల్‌ప్రోయేట్ గురించి ఒక తికమక ఉంది. అది పిల్‌ను చెడగొట్టదు. కానీ కడుపులో బిడ్డకు ఫిట్స్ మందుల్లోకెల్లా ఎక్కువ హాని చేసేది అదే. కాబట్టి "ఇది పిల్‌తో పడుతుంది" అని విని ధీమాగా ఉండొద్దు. ఆ మందు వాడే వయసు ఆడపిల్లకు గర్భనిరోధం అందరికంటే గట్టిగా ఉండాలి.

లామోట్రిజిన్ అయితే తిరగేసిన కథ. అక్కడ దెబ్బతినేది పిల్ కాదు, ఫిట్స్ మందు. పిల్‌లోని ఈస్ట్రోజెన్ రక్తంలో లామోట్రిజిన్‌ను సగం దాకా తగ్గించగలదు. బాగా అదుపులో ఉన్న మనిషికి పిల్ మొదలుపెట్టగానే మళ్లీ ఫిట్స్ రావచ్చు. ఇనుము గోళీల వారంలో మందు మళ్లీ పెరిగి తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం జరగవచ్చు. ఇది వాడేవాళ్లు పిల్ మొదలుపెట్టే ముందూ, ఆపే ముందూ ఫిట్స్ డాక్టరుకు చెప్పాలి. ఫిట్స్ వచ్చాక వెళ్లి చెప్తే, దృష్టి తగిలిందని తాయెత్తు కట్టించి ఆ తర్వాత వెళ్లినట్టు అవుతుంది. అలా వెళ్లినవాళ్లను చూశాం.

ఆ డబ్బా అమ్మాయి ఇప్పుడు కాపర్-టీ వేయించుకుంది. తాను వాడే గోళీలన్నీ ఒక కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకుంటుంది, పేర్లు తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు. పోయిన వారం జ్వరానికి అజిత్రోమైసిన్ రాశారని ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది, దానివల్ల ఏమైనా అవుతుందా అని. ఏమీ కాదని చెప్పి టీ ఇచ్చి పంపాం.

ఇంట్లో టీబీ మందో, ఫిట్స్ మందో వాడేవాళ్లుంటే పేరు కామెంటులో రాయొద్దు, విడిగా మెసేజ్ పెట్టండి. ఆడవాళ్లు మధ్యాహ్నం ఫోన్ చేయండి, ఆవిడే ఎత్తుతుంది.